తడవని దారి

గణపతిరావుకి యార్డు తప్ప వేరే లోకం తెలియదని చిలకమ్మ పెళ్ళయిన కొత్తలోనే తేల్చేసింది. సినిమాకి తీసుకెళ్తే ఇంటర్వెల్‌లో బయట నిలబడి, ఎక్కడో కూసిన ఇంజను ఏ లైను మీదుందో చెప్పేవాడట. హీరోయిన్ పేరు మాత్రం ఇంటికొచ్చేసరికి మరిచిపోయేవాడు. ముప్పై నాలుగేళ్ళు ఖరగ్‌పూర్ దగ్గర నిమ్‌పురా రైలు యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసిన మనిషి. ఇంజను వెనక్కి వస్తుంటే వ్యాగన్ల మధ్య నిలబడి వాటిని కలిపే కప్లింగ్ వేయడం, జెండా ఊపడం, చీకట్లో పట్టాల వెంట నడవడం ఇవే ఆయన విద్యలు. ఎడమచేతి చిటికెన వేలి కొస ఒకటి యార్డుకే ఇచ్చేశాడు. దాని గురించి అడిగితే కోపం వచ్చేది, తప్పు తనది కాబట్టి.

ఆయన తండ్రి టెక్కలి వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరాడు. కొడుకు ఇక్కడే పుట్టాడు, క్వార్టర్లలోనే పెరిగాడు, క్వార్టర్లోనే కాపురం పెట్టాడు. పిల్లలు కలగలేదు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి కనుక యార్డు వెనక బస్తీలో రెండు గదుల ఇల్లు కొన్నాడు. చవగ్గా వచ్చింది. ఎందుకు చవగ్గా వచ్చిందో మొదటి వానాకాలంలోనే తెలిసింది. ఊరంతా ఎర్రమట్టి మెట్ట మీద కూర్చుంటే ఆ బస్తీ ఒక్కటే పల్లంలో ఉంది. ఒక వైపు రైలు కట్ట, ఇంకో వైపు మురుగునీళ్ళ నాలా. ఆ ఇల్లు కొన్నందుకు ఆయన తనని తాను తిట్టుకుంటూనే ఉండేవాడు గానీ, పైకి మాత్రం ఇంజను కూతలు బాగా వినపడతాయని చెప్పుకునేవాడు.

రిటైరైన ఐదేళ్ళకి చిలకమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది కానీ బుద్ధి పదును తగ్గలేదు. ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, బెడ్‌పాన్ పెట్టడం అన్నీ ఆయనే చేసేవాడు. ఇంకో మనిషిని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు ఆవిడ.

ఆ మరుసటి ఏడు తుఫాను వానకి నాలా పొంగి, నీళ్ళు ఇంట్లో మంచం అంచు దాకా వచ్చాయి. ఎవరో కుర్రాళ్ళు ఆవిణ్ణి భుజాన వేసుకుని, పట్టాలకవతల హైస్కూలు షెల్టర్లో దింపారు. ఒకే హాల్లో రెండు వందల మంది. మరుగు లేదు. మరుగుదొడ్డి మెట్లకింద, దాని ముందు వరస. ఆ రాత్రి చిలకమ్మ అందరి మధ్యా చీర తడుపుకుంది. గణపతిరావు తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు, కానీ ఒక తువ్వాలు నాలుగు వైపులా ఎంతని అడ్డం వస్తుంది? ఆవిడ నోరు తెరిచి ఏడవలేదు. గోడ వైపు తిప్పమంది, అంతే. ఇంటికొచ్చాక ఒకే మాట చెప్పింది.

"మల్లీ అక్కడికి తీసుకెల్లకు. ఈ మంచం మీదే పోనివ్వు నన్ను."

అలాగే పోనిస్తానని ఆయన అనలేకపోయాడు. తీసుకెళ్తానని కూడా అనలేకపోయాడు. ఆ రెండింటి మధ్యా ఒక ఏడాది నలిగాడు. ఆకాశంలో మబ్బు కనపడితే చాలు, అన్నం సహించేది కాదు.

ఆ సమయంలో వచ్చింది విష్ణుప్రియ. ఖమ్మం పిల్ల, ఇంజినీరింగ్ సంస్థలో పరిశోధన చేస్తోంది. ముంపు ప్రాంతాల్లో జనం ఏ దారిన బయటపడాలో మ్యాపు గీయడం ఆమె పని. బస్తీలో తెలుగు మాట వినపడి ఈ గుమ్మంలో ఆగింది. మంచినీళ్ళు తాగి పోదామని వచ్చిన పిల్ల మూడు నెలలు వస్తూనే ఉంది.

లాప్‌టాప్‌లో మ్యాపు తెరిచి, దాన్ని పొరలు పొరలుగా చూపించింది. అడుగున ఉపగ్రహం తీసిన ఫొటో. దాని మీద ఎత్తుపల్లాల పొర, పల్లం నీలం, మెట్ట గోధుమరంగు. దాని మీద పాత వరద మచ్చ, మబ్బుల్లోంచి కూడా నేలని చూడగల రాడారు ఉపగ్రహం తీసింది. ఆ పైన రోడ్లు, అన్నిటికన్నా పైన షెల్టర్లు. ఒక్కో పొరని కావాలంటే వెలిగించొచ్చు, వద్దంటే ఆర్పేయొచ్చు. గణపతిరావు కళ్ళజోడు సర్దుకుని, తన ఇంటిని నీలం మధ్యలో చూసి దాని మీద వేలు పెట్టాడు.

తరవాత తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. ఎత్తు పొరలో రైలు కట్టంతా మెట్టగా కనిపిస్తోంది, దాని కిందనుంచి పోయే సబ్‌వే రోడ్డు కూడా మెట్ట మీదే ఉన్నట్టుంది. మ్యాపులో ముప్పై మీటర్ల గడి మొత్తానికి ఒకే ఎత్తు లెక్క కనక సబ్‌వేకి కూడా కట్ట ఎత్తే పడిందని ఆ పిల్ల ఒప్పుకుంది. సబ్‌వేలో మొదటి గంట వానకే నడుము లోతు నీళ్ళని ఆయన చెబితే ఆ దారిని ఎర్రగా మార్చింది. ఒక చోట మెట్ట అని చూపించింది నిజానికి చెట్ల గుంపు. బస్తీ ప్రైమరీ స్కూలు షెల్టర్ల పొరలో ఉంది, కానీ అది ఆయన ఇంటికన్నా అడుగున్నర కింద. ఇళ్ళు ఒత్తుగా ఉన్న సందుల్లో నీళ్ళు రాడారుకి సరిగా కనపడవట, ఆ మచ్చలు ఆయన గుర్తుచేసుకుని గీయించాడు. కాళ్ళతో తిరిగిన నేల కదా. ఆయన చెప్పిందల్లా నిజమవుతుంటే ఆ పిల్లకి ఆయన మీద గురి కుదిరింది. ఆయనకీ తన మీద తనకి కుదిరింది. రిటైరైన ఏడేళ్ళకి మళ్ళీ ఒక డ్యూటీ దొరికినట్టయింది.

బస్తీ నుంచి బయటికి నాలుగు దారులు తేలాయి. సబ్‌వే ఎరుపు. నాలా మీద కల్వర్టు ఎరుపు, నీళ్ళు దాని నెత్తి మీంచి పోతాయి. బైపాస్ వైపు ఐదు కిలోమీటర్ల చుట్టుదారి పసుపు, మునగదు గానీ పొడుగునా నీలగిరి చెట్లు, గాలికి పడతాయి. నాలుగోది లెవెల్ క్రాసింగ్ గేటు. కట్ట ఎత్తులో ఉంది, నీరు ఎక్కదు. గేటు దాటితే హైస్కూలు ఒకటిన్నర కిలోమీటరు, మొత్తం మెట్టే.

విష్ణుప్రియ తెలివైన పిల్ల. కలం ఆపి అడిగింది, తుఫాను రోజున ఆ గేటు తెరిచే ఉంటుందా అని.

గణపతిరావు నవ్వాడు. ఆ నవ్వు తరవాత ఆయనకి వెయ్యిసార్లు గుర్తొచ్చింది.

"గేటు మూసేది బండొస్తేనమ్మా. గాలెక్కువైతే బల్లన్నీ ఆపీసి, యార్డులో గొలుసులేసి కట్టీస్తారు. నా సేత్తోనే ఎన్ని కట్టినానో. బల్లే నడవని రోజు గేటెందుకు మూస్తారు?"

ఆ పిల్ల గేటు దారిని ఆకుపచ్చగా గీసింది. పెద్ద కాగితం మీద అచ్చువేయించి తెచ్చింది. ఆయన దాని కింద తన చేత్తో తెలుగులో రాశాడు, 'తడవని దారి' అని. ఆ కాగితం బస్తీ క్లబ్బు గోడకెక్కింది. అందరూ ఫోన్లలో ఫొటో తీసుకున్నారు.

ఆ దారి ఆయన చేతిలో పడగానే చిలకమ్మకి చెప్పగలిగిన మాట కూడా దొరికింది. ముందే వెళ్ళక్కర్లేదు, మిగతా దారులు మునిగిపోయినా ఇది మునగదు. అందుకని ఆఖరి గంటలో బయల్దేరదాం, షెల్టర్లో నువ్వుండేది ఒక్క రాత్రే, అదీ మూలన. మూల కోసం పూల గుడ్డ కొని, రింగులు కుట్టి తెర తయారుచేశాడు. కొత్త బెడ్‌పాన్ కొన్నాడు. టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపే కుర్రాడు ప్రశాంత్ వచ్చి ఎక్కించుకుంటానన్నాడు. చిలకమ్మ తెర గుడ్డని ఎడమచేత్తో తడిమి చూసింది.

"ఒక్క రాత్రేనా?" అంది.

"ఒక్కటే."

"అయితే అలగే."

విష్ణుప్రియ మాత్రం మ్యాపు మూలన ఒక వాక్యం వేయించింది, హెచ్చరిక రాగానే, వాన ముదరకముందే బయల్దేరాలని. ముసలివాళ్ళని, మంచం పట్టినవాళ్ళని ఒకరోజు ముందే తరలించాలని నోటితో కూడా చెప్పింది. గణపతిరావు తల ఊపాడు. అది మిగతావాళ్ళకని, తనలాంటి యార్డు మనిషికి కాదని అనుకున్నాడు.

ఆ ఏడే మళ్ళీ తుఫాను. రేపు తెల్లవారుజామున తీరం దాటుతుందన్నారు. ఆ రోజు పొద్దున్నుంచే వాన. మైకు కట్టిన ఆటో వచ్చి, పల్లంలో ఉన్నవాళ్ళు షెల్టర్లకి పోవాలని బెంగాలీలో, హిందీలో చెప్పి పోయింది. సగం బస్తీ తాళాలు వేసింది. ప్రశాంత్ పదకొండింటికే వచ్చి, చుట్టుదారిలో ఒక చెట్టు అప్పుడే పడిందని, ఇప్పుడే పోదాం మామా అని అడిగాడు. గణపతిరావు చిలకమ్మ వంక చూశాడు. ఆవిడ కళ్ళు తెర గుడ్డ మూట మీద ఉన్నాయి. మూడింటికి రమ్మని కుర్రాణ్ణి పంపేశాడు.

ఒంటిగంట దాటాక యార్డు వైపు నుంచి కూతలు ఆగిపోయాయి. గణపతిరావు చెవి అటే ఉంది. రెండింటికి కూడా ఒక్క కూత లేదు. బళ్ళు ఆపేశారని అర్థం చేసుకున్నాడు. బళ్ళు ఆగితే గేటు తెరిచే ఉన్నట్టు. చిలకమ్మకి ఆ మాటే చెప్పి, ఆవిడ జడ వేశాడు. యార్డులో పనిచెయ్యని మనిషైతే గొడుగు పట్టుకుని వెళ్ళి గేటు కళ్ళారా చూసి వచ్చేవాడు. ఈయనకి ఆ నిశ్శబ్దమే సిగ్నలైపోయింది.

మూడున్నరకి టోటో కదిలింది. చిలకమ్మని దుప్పట్లో చుట్టి వెనక సీటు మీద పడుకోబెట్టి, ప్లాస్టిక్ పట్టా కప్పి, తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు గణపతిరావు. సందులో నీళ్ళు చక్రాల్లో సగానికి వచ్చాయి. బండి మూలుగుతూ కట్ట ఎక్కింది. పైకెక్కగానే గాలి కొట్టింది. ప్రశాంత్ బ్రేకు వేశాడు. వేసి, వెనక్కి తిరక్కుండా కూర్చున్నాడు.

గేటుకి అడ్డంగా గూడ్సు నిలబడి ఉంది.

గణపతిరావు దిగి రెండువైపులా చూశాడు. అటు కనుచూపు మేర వ్యాగన్లే, ఇటు కూడా వ్యాగన్లే. బొగ్గు బండి. ఎలా జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. యార్డులో ప్రతి లైనూ కట్టేసిన బళ్ళతో నిండిపోయి ఉంటుంది. నిండితే, వచ్చే బండి బయటే ఆగాలి. దీన్ని ముందుకి లాగి గేటు ఖాళీ చేసేలోపే ఎక్కడో చెట్టు కరెంటు తీగ మీద పడి ఉంటుంది. ఇంజను చచ్చి, ఉన్నచోటే ఉండిపోయింది. ముప్పై నాలుగేళ్ళూ యార్డు లోపల నిలబడి, వచ్చిన బండిని కట్టాడే గాని, రాలేక బయట నిలిచిపోయిన బండి తోక ఎవరి దారి మీద పడుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

వ్యాగన్ కింద నుంచి ఒక మనిషి రైన్‌కోటుతో పైకి లేచాడు. గార్డు. టార్చి వేసి చూసి, దగ్గరికి వచ్చి, తడిసిన చేతులతోనే నమస్కారం పెట్టాడు. హరిబాబు. ఇరవై ఏళ్ళ కిందట పాయింట్స్‌మన్‌గా చేరినప్పుడు గణపతిరావు దగ్గరే పని నేర్చుకున్నవాడు.

బండి కదిలే ఆశ ఏమైనా ఉందా అని అడిగాడు గణపతిరావు. రేపు గాలి తగ్గి, తీగలు బాగుచేస్తే గాని లేదన్నాడు హరిబాబు. తలవంచుకుని ఇంకో మాట అన్నాడు.

"సక్రాలకి గొలుసులు కట్టీసి తాళాలేసీసినాను బాబాయ్. మీరు నేర్పినట్టే కట్టినాను."

గణపతిరావు వంగి గొలుసు పట్టుకుని లాగి చూశాడు. చక్రం చుట్టూ తిప్పి పట్టాకి బిగించి, చక్రం కింద ఇనప అడ్డు పెట్టి ఉంది. ఎక్కడా వదులు లేదు. చాలా బాగా కట్టాడు.

తోక చుట్టూ తిరిగి పోదామంటే వెనక భాగం నాలా వంతెన మీద ఉంది, నడిచే పలక లేదు. ఇంజను వైపు నాలుగు వందల మీటర్లు, కంకర మీద, గాలికి ఎదురు. వెనక్కి ఇంటికి పోదామంటే వచ్చిన సందులో నీళ్ళు అప్పటికే టోటోకి అందని లోతయ్యాయి. మిగిలింది ఒకటే. బండి కింద నుంచి.

నిలబడ్డ బండి కింద దూరొద్దని ఆయన ఎంతమంది కొత్త కుర్రాళ్ళకి చెంపలు వాయించి నేర్పాడో లెక్క లేదు. అలా దూరినవాళ్ళలో ఇద్దర్ని గోనెపట్టాలో ఎత్తినవాడు కూడా. ఇది చచ్చిన బండి, గొలుసులున్నాయి, కదలదని హరిబాబు నచ్చజెప్పాడు. ఆ సంగతి గణపతిరావుకి తెలుసు. అయినా తాళం ఇంకోసారి లాగి చూశాకే వంగాడు.

చిలకమ్మని దుప్పటితో సహా నేల మీద పెట్టారు. హరిబాబు అవతలి నుంచి దుప్పటి కొస లాగాడు, ప్రశాంత్ మధ్యలో పాకుతూ పట్టుకున్నాడు, గణపతిరావు ఇవతలి నుంచి తల పట్టాకి తగలకుండా తన చెయ్యి అడ్డం పెట్టి తోశాడు. బొగ్గునీళ్ళు ధారగా ఆవిడ మొహం మీద కారుతున్నాయి. కళ్ళు మూసుకోలేదు. పైన ఉన్న ఇనుమునే చూస్తూ వెళ్ళింది. సగం దారిలో ఆవిడ వల్ల కాలేదు, దుప్పటి తడిసింది. ఆ వానలో అది ఎవరికీ తెలియదు. ఆయనకి తెలిసింది, ఆయనకి తెలిసిందన్న సంగతి ఆవిడకీ తెలిసింది.

అవతల బండి దొరకలేదు, ఫోన్లు పలకలేదు. ఒకటిన్నర కిలోమీటరు హరిబాబు, ప్రశాంత్ మార్చి మార్చి వీపున మోశారు. గంటన్నర పట్టింది. హైస్కూల్లో మూలలన్నీ పొద్దున వచ్చినవాళ్ళు తీసుకున్నారు. హాలు మధ్యలో జాగా ఇచ్చారు. గణపతిరావు తెర కోసం చూశాడు. ఆ మూట, బెడ్‌పాన్ అవతల టోటోలోనే ఉండిపోయాయి.

"సిలకా, తప్పు నాదే," అన్నాడు ఆవిడ చెవి దగ్గర వంగి.

ఆవిడ గోడ వైపు తిరగబోయింది. గోడ ఆ దరిదాపుల్లో లేదు.

నాలుగో రోజున జ్వరం ఊపిరితిత్తులకి దిగింది. ఆసుపత్రిలో పదకొండో రోజున చిలకమ్మ పోయింది. ఆ పదకొండు రోజుల్లో ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట పడిపోయిందని డాక్టరు అన్నాడు. గణపతిరావు నమ్మినట్టే ఉన్నాడు, మరి నమ్మక ఏం చేస్తాడు?

విష్ణుప్రియ వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల తప్పేం లేదని ఆయనే సముదాయించాడు. మరో నెలకి లాప్‌టాప్ తెచ్చి, రైళ్ళు ఆగే చోట్లని ఒక కొత్త పొరగా వేసి, గేటు దారిని, చెట్లు పడే చుట్టుదారిని కూడా ఎర్రగా మార్చింది. నాలుగు దారులూ ఎర్రబడ్డాయి.

"ఇంక దారేదమ్మా?" అని అడిగాడు.

"ఒకరోజు ముందు అన్నీ దారులే తాతగారూ. ఆ రోజు దాటాక ఏదీ లేదు."

కొత్త కాగితం క్లబ్బు గోడకెక్కింది. పాతదాన్ని గణపతిరావు తన చేత్తోనే చింపి పొయ్యిలో పెట్టాడు.

మరుసటి ఏడు మళ్ళీ హెచ్చరిక వచ్చింది. ఎండ ఇంకా కాస్తూనే ఉంది, గాలి కూడా లేదు. గణపతిరావు ఇల్లిల్లూ తిరిగాడు, ఇప్పుడే బయల్దేరమని. కొందరు రేపు చూద్దామన్నారు, కొందరు టీ ఇచ్చారు. సందు చివర మీనాకుమారి ఇంట్లో ఆమె తల్లి తుంటి విరిగి మంచంలో ఉంది. ఆ గుమ్మంలో మాత్రం ఆయన కూర్చుండిపోయాడు.

షెల్టర్లో అమ్మ అవస్థ పడుతుందని, ఆఖరి గంటలో తీసుకెళ్తానని మీనాకుమారి చెప్పింది. ఏ దారిన అని ఆయన అడిగితే, ఫోను తెరిచి చూపించింది. పాత కాగితం ఫొటో. ఆకుపచ్చ గీత. దాని కింద ఆయన చేతిరాత.

అది మార్చారమ్మా, తీసెయ్యి అన్నాడు. కొత్తదాంట్లో అన్నీ ఎరుపే, చూసి ఏం లాభం మామయ్యా అందామె. అప్పుడు ఆయన గేటు దగ్గర జరిగిందంతా, మొదటిసారి ఒక మనిషికి, ఏదీ దాచకుండా చెప్పాడు. దుప్పటి తడిసిన సంగతి కూడా చెప్పాడు. మీనాకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లోపల్నుంచి తల్లి పిలిస్తే లేచింది.

"అత్తకి అలగైపోనాది, పాపం. అయినా పెతిసారీ గూడ్సు అక్కడే ఆగుతాదేటి మామయ్యా?"

బళ్ళే నడవని రోజు గేటెందుకు మూస్తారని తను నవ్వుతూ అన్నట్టే ఉంది ఆ మాట. ఆమె లోపలికి వెళ్ళి తల్లిని పక్కకి తిప్పుతుంటే మంచం కిర్రుమన్న చప్పుడు వినపడింది. గణపతిరావు చీకటి పడేదాకా ఆ గుమ్మంలోనే కూర్చున్నాడు. యార్డులో ఇంకా బళ్ళు కూస్తూనే ఉన్నాయి, నాలుగు దారులూ ఇంకా తెరిచే ఉన్నాయి.